కాక్లియర్ ఇంప్లాంట్ తర్వాత జీవితాంతం: లోపలి భాగం, బయటి భాగం, వాటి వేర్వేరు అవసరాలు

ప్రశ్న: మాది కాకినాడ దగ్గర పల్లెటూరు. మా అమ్మాయికి 2017లో, రెండున్నరేళ్ల వయసులో ఆరోగ్యశ్రీ కింద కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయింది. మాటలు బాగానే వచ్చాయి. ఈ మధ్య ప్రాసెసర్ వర్షాకాలంలో ఆగి ఆగి పనిచేస్తోంది. పాపకు ఈత నేర్పించవచ్చా? రేపు ఎప్పుడైనా తలకు ఎంఆర్ఐ రాస్తే ఏం చేయాలి? కొత్త ప్రాసెసర్‌కు మారమంటున్నారు, దానికి మళ్లీ ఆపరేషన్ కావాలా?

సమాధానం:

ఇరవై ఏళ్లుగా ఇంప్లాంట్ పెట్టించుకున్న పిల్లలకు మ్యాపింగ్, అంటే ఏ శబ్దానికి ఎంత విద్యుత్తు పంపాలో ప్రాసెసర్‌లో సర్దే పని, చేస్తున్న ఆడియాలజిస్టుగా ఈ సమాధానం రాస్తున్నాను. మీ నాలుగు సందేహాలకూ మూలం ఒక్కటే. మీ అమ్మాయి దగ్గర ఉన్నవి రెండు పరికరాలు. ఒకటి చర్మం కింద, ఎముక మీద అమర్చిన రిసీవర్. దానిలో ఒక అయస్కాంతమూ, దాని నుంచి లోపలి చెవిలోని కాక్లియాలోకి వెళ్లిన సన్నని ఎలక్ట్రోడ్ తీగా ఉంటాయి. రెండవది చెవి మీద పెట్టుకొని శబ్దాన్ని పట్టే ప్రాసెసర్, దాని కేబుల్, తలకు అతుక్కునే కాయిల్. లోపలిదానికి బ్యాటరీ లేదు, కదిలే యంత్రమూ లేదు, అందువల్ల అది దశాబ్దాల పాటు ఉండాలన్న ఉద్దేశంతోనే తయారవుతుంది. బయటిది రోజూ చెమట, నూనె, దుమ్ము, దెబ్బలు భరించే ఎలక్ట్రానిక్ వస్తువు కాబట్టి కొన్నేళ్లకు మార్చవలసి వస్తుంది. నీటి జాగ్రత్తలు దాదాపు అన్నీ బయటిదానికి చెందినవి. ఎంఆర్ఐ జాగ్రత్త లోపలిదానికి చెందినది. కొత్త ప్రాసెసర్‌ను ఎంచుకునే హద్దును కూడా లోపలిదే గీస్తుంది.

కనుక మొదట మీ పాప లోపలి భాగం మోడల్ పేరు, సీరియల్ నంబరు ఏమిటో చూడండి. ఆపరేషన్ తర్వాత ఒక గుర్తింపు కార్డు ఇచ్చి ఉంటారు. అది పోయి ఉంటే ఆపరేషన్ చేసిన ఆసుపత్రి రికార్డులో తయారీదారు స్టిక్కర్ ఉంటుంది. మ్యాపింగ్ చేసే కంప్యూటర్‌లో కూడా మోడల్, సీరియల్ వివరాలు కనిపిస్తాయి. ప్రాసెసర్ పేరు చూసి లోపలిది కూడా అదేనని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు; అది పొరపాటు. కార్డు ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి, పాప బడి సంచిలో ఒక నకలు పెట్టండి. దీని అవసరం ఎంఆర్ఐ దగ్గర మీకే తెలుస్తుంది.

ఇక వర్షాకాలంలో ఆగి ఆగి పనిచేయడం గురించి. గోదావరి జిల్లాల తీరంలో గాలిలోని తేమ ప్రాసెసర్‌కు పెద్ద శత్రువు. పాప చెమట, తలకు రాసే కొబ్బరినూనె దానికి తోడవుతాయి. రోజూ రాత్రి ప్రాసెసర్ తీసి, మెత్తటి పొడిబట్టతో తుడిచి, బ్యాటరీ విడదీసి, డ్రై బాక్స్‌లో పెట్టి మూత గట్టిగా బిగించాలి. ఈ అలవాటు చాలా ఇళ్లలో ఉంటుంది కాని, బాక్స్‌లోని సిలికా జెల్ నిండిపోయి ఎన్ని నెలలైందో చూసే ఇళ్లు తక్కువ. తేమ పీల్చుకున్న గింజలు రంగు మారతాయి. ఏ రంగు నుంచి ఏ రంగుకు మారితే మార్చాలో ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. మారిన రంగు గింజలున్న బాక్స్‌లో ప్రాసెసర్ పెట్టినా ఆరదు. మన తీరప్రాంతంలో కరెంటుతో నడిచే డ్రయ్యర్ కొనడం వృథా ఖర్చు కాదని నా అనుభవం. వాడి పారేసే జింక్-ఎయిర్ బ్యాటరీలు వాడుతుంటే వాటిని మాత్రం డ్రై బాక్స్‌లో పెట్టకండి. పొడిగాలికి అవి త్వరగా ఎండిపోతాయి. వాటి స్టిక్కర్ తీసిన తర్వాత కొద్ది నిమిషాలు గాలి తగలనిచ్చి, అప్పుడు అమర్చాలి.

ప్రాసెసర్ పూర్తిగా ఆగిపోతే మీకు తెలుస్తుంది. నెమ్మదిగా తగ్గిపోతే తెలియదు, అందులోనే అసలు ప్రమాదం ఉంది. నా దగ్గరకు వచ్చే నాలుగో తరగతి బాబు విషయంలో ఇదే జరిగింది. ‘శ్రద్ధ తగ్గింది, డిక్టేషన్‌లో స, ష కలిపేస్తున్నాడు’ అని టీచరు గారు కబురు పంపారు. తల్లి గారు ట్యూషన్ పెట్టించారు, రెండు నెలలు గడిచాయి, మార్పు రాలేదు. నేను మొదట మ్యాప్ చూడకుండా, అతనికి వెనుకగా నిలబడి, పెదవులు కనిపించకుండా ఆరు శబ్దాలు పలికాను: మ్, ఊ, ఆ, ఈ, ష్, స్. దీన్ని లింగ్ ఆరు శబ్దాల పరీక్ష అంటారు. మాటలో ఉండే తక్కువ శ్రుతి నుంచి ఎక్కువ శ్రుతి వరకు ఇవి పరుచుకొని ఉంటాయి. మొదటి నాలుగు శబ్దాలను మూడు మీటర్ల దూరం నుంచి కూడా సరిగా తిరిగి చెప్పాడు. ష్ ఒక మీటరు దూరంలో వినిపించింది, స్ అసలు వినిపించలేదు. ప్రాసెసర్‌ను వెలుతురులో పెట్టి చూస్తే మైకుల సన్నని రంధ్రాల మీద నూనె, పౌడరు కలిసి పేరుకున్నాయి. మైక్ కవర్లు మార్చి మళ్లీ అదే పరీక్ష చేస్తే స్ మూడు మీటర్ల దూరం నుంచి వినిపించింది. లోపలి పరికరం, మ్యాప్ రెండూ చక్కగానే ఉన్నాయి. ఆ రెండు నెలల చదువు నష్టానికి కారణం, ఎప్పుడో మార్చవలసిన ఒక చిన్న కవరు.

అందుకే ప్రతి ఉదయం బడికి పంపే ముందు అర నిమిషం ఈ ఆరు శబ్దాలూ అడగండి. వరుస మార్చి, మధ్యమధ్య కొంచెం ఆగి, పెదవులు చూపకుండా అడగాలి. స్, ష్ తగ్గితే ముందు మైకులను అనుమానించాలి. వినడం ఒక క్షణం వచ్చి, ఒక క్షణం పోతుంటే, ముఖ్యంగా తల తిప్పినప్పుడు అలా జరిగితే, కేబుల్ లోపలి తీగ తెగుతోందని అనుకోవచ్చు. దాన్ని తేల్చే మార్గం సులువు: ఇంట్లో ఉంచుకున్న మరో కేబుల్ లేదా కాయిల్ తగిలించి చూడటమే. మీరు చెప్పిన ‘ఆగి ఆగి’ అనే లక్షణం నాకు తేమ కంటే కేబుల్ వైపు ఎక్కువ చూపిస్తోంది. వర్షాకాలంలో రెండూ కలిసి రావడం కూడా సాధారణమే. మైక్ కవర్లు మూడు నెలలకొకసారి మార్చమని సాధారణంగా చెబుతారు. రోజూ తలకు నూనె పెట్టే ఇంట్లో ఆ గడువు దాకా ఆగకపోవడం మంచిది. నూనె పెట్టిన తర్వాత చెవి చుట్టూ, కాయిల్ అంటుకునే చోట తడిగుడ్డతో తుడిచి, ఆరాక ప్రాసెసర్ పెట్టండి.

కాయిల్ కింద చర్మాన్ని వారానికొకసారి చూడాలి. కాయిల్ అయస్కాంతం బలం ఎక్కువైతే చర్మానికి రక్తం సరిగా అందక ఎర్రబడుతుంది, నొప్పి వస్తుంది, నిర్లక్ష్యం చేస్తే పుండు పడుతుంది. కాయిల్ తీసిన కాసేపటికి ఎరుపు పోకపోతే తక్కువ బలం ఉన్న అయస్కాంతం అడగండి. తిరుమలలో తలనీలాలు ఇవ్వాలని మొక్కుకున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. జుట్టు తీసేశాక అదే అయస్కాంతం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, కనుక బలం తగ్గించే ఏర్పాటు ముందే చేసుకోవాలి. కత్తి పెట్టే ముందు ప్రాసెసర్ తీసి, చెవి వెనుక ఉబ్బెత్తుగా ఉన్న చోటు చూపించి, అక్కడ గాటు పడకుండా చూడమని క్షురకుడికి చెప్పాలి. ఇంప్లాంట్ మీది చర్మంలో ఇన్ఫెక్షన్ మొదలైతే ఇంటి వైద్యంతో రోజులు గడపకూడదు.

ఈత నేర్పించవచ్చా అన్నదానికి నా జవాబు: నేర్పించవచ్చు. ఆపరేషన్ గాయం ఎప్పుడో మానింది. లోపలి పరికరం చర్మం కింద భద్రంగా ఉంది, నీరు దాన్ని చేరదు. కర్ణభేరికి రంధ్రం గాని, చీము కారడం గాని ఉంటే మాత్రం ముందు ఈఎన్‌టీ డాక్టరు అనుమతి తీసుకోవాలి. మిగిలిన జాగ్రత్త అంతా ప్రాసెసర్ కోసమే. మీ ప్రాసెసర్ మీద ఐపీ57, ఐపీ68 లాంటి అంకెలు ఉంటాయి. చివరి అంకె నీటి సంగతి చెబుతుంది. 7 అంటే ఒక మీటరు లోతు మంచినీటిలో అరగంట తట్టుకుంటుందని, 8 అంటే అంతకు మించి తయారీదారు చెప్పిన హద్దు వరకు తట్టుకుంటుందని అర్థం. అయితే ఈ పరీక్ష కొత్త పరికరం మీద చేసినది. ఎనిమిదేళ్లు వాడిన ప్రాసెసర్ సీళ్లు అలాగే ఉంటాయని ఎవరూ హామీ ఇవ్వలేరు. పైగా ఆ రేటింగ్ చాలా మోడళ్లలో రీచార్జబుల్ బ్యాటరీ పెట్టినప్పుడే వర్తిస్తుంది, ఎందుకంటే జింక్-ఎయిర్ బ్యాటరీకి గాలి కావాలి, గాలి వెళ్లే దారి ఉంటే నీరు కూడా వెళుతుంది.

కాబట్టి మీకు రెండు దారులున్నాయి. మొదటిది, మీ మోడల్‌కు తయారీదారు ఇచ్చే ఈత కవరు కొని, ప్రాసెసర్ దానిలో పెట్టి, దారంతో బట్టలకు కట్టి నీటిలోకి పంపడం. రెండవది, ప్రాసెసర్ ఒడ్డున పెట్టి ఈదడం. రెండవ దారిలో పాపకు ఏమీ వినిపించదు. ‘ఆగు, ఒడ్డుకు రా, లోతు ఉంది’ అనే మూడు సైగలు ముందే నేర్పి, పాప మీద నుంచి చూపు మరల్చని పెద్దవారు ఒకరు దగ్గర ఉండాలి. కాలువలోను, గోదావరి రేవులోను అయితే నేను రెండవ దారి ఒప్పుకోను. కాకినాడ సముద్రతీరంలో ఉప్పు నీరు, ఇసుక రెండూ పరికరానికి హాని చేస్తాయి కనుక అలల దగ్గర కవరు లేకుండా ప్రాసెసర్ వద్దు. స్నానం, హోలీ రంగులు, పుష్కర స్నానం, వీటన్నిటికీ తీసి డబ్బాలో పెట్టడమే మేలు.

పొరపాటున తడిస్తే వెంటనే తీసి, ఆపి, బ్యాటరీ విడదీసి, కేబుల్, కాయిల్ వేరుచేసి, పొడిబట్టతో తుడిచి, కనీసం ఒక రాత్రంతా డ్రై బాక్స్‌లో ఉంచండి. హెయిర్ డ్రయ్యర్ వేడిగాలి, ఎండ, పొయ్యి దగ్గర ఉంచడం, ఈ మూడూ ప్రాసెసర్ లోపలి అతుకులను పాడుచేస్తాయి. పనిచేస్తోందా అని మధ్యలో బ్యాటరీ పెట్టి చూడటమే చాలా ప్రాసెసర్లను చంపుతుంది. తడి మీద విద్యుత్తు పారినప్పుడు తుప్పు మొదలవుతుంది.

మీరు అడగకపోయినా ఒక విషయం చెప్పాలి. ఇంప్లాంట్ ఉన్నవారికి చెవి నుంచి మెదడు పొరలకు ఇన్ఫెక్షన్ పాకే ముప్పు, అంటే మెనింజైటిస్ ముప్పు, మిగతావారికంటే ఎక్కువ. అందుకే న్యూమోకాకల్ టీకాలు తప్పనిసరి. వాటిలో ఒకటైన పీసీవీ మన జాతీయ టీకాల కార్యక్రమంలో 2017లో కొన్ని రాష్ట్రాలతో మొదలైంది. మీ పాప అంతకుముందే పుట్టింది కాబట్టి ఆ టీకా వేశారో లేదో కార్డు చూడండి. రెండేళ్లు దాటిన ఇంప్లాంట్ పిల్లలకు 23 రకాల న్యూమోకాకస్‌కు రక్షణ ఇచ్చే మరో టీకాను కూడా సిఫారసు చేస్తారు. పీసీవీ తర్వాత కనీసం ఎనిమిది వారాలకు వేస్తారు. పిల్లల డాక్టరుతో మాట్లాడి లోటు ఉంటే పూర్తి చేయించండి. జ్వరంతో చెవిపోటు వస్తే అదే రోజు డాక్టరుకు చూపించాలి. జ్వరంతో పాటు మెడ బిగుసుకోవడం, వాంతులు, మత్తు ఉంటే నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి.

ఇప్పుడు స్కాన్‌ల సంగతి. ఎక్స్-రే, సీటీ స్కాన్ లోపలి పరికరానికి హాని చేయవు. ప్రాసెసర్ తీసి బయట పెడితే చాలు. లోహం వల్ల ఆ చోట బొమ్మ చెదురుతుంది, అంతే. ఎంఆర్ఐ వేరు. ఆ యంత్రమే ఒక మహా అయస్కాంతం, మీ పాప తలలో ఒక చిన్న అయస్కాంతం ఉంది. పెద్దది చిన్నదాన్ని తిప్పడానికి, లాగడానికి చూస్తుంది. దాంతో తీవ్రమైన నొప్పి రావచ్చు, అయస్కాంతం తన గూటి నుంచి జారిపోవచ్చు. కాలు స్కాన్ చేయాలన్నా ఇదే నియమం, ఎందుకంటే ఏ భాగం స్కాన్ అయినా మనిషి ఆ అయస్కాంత క్షేత్రంలోకి వెళ్లవలసిందే. ప్రాసెసర్‌ను అయితే ఆ గది గడప దాటనివ్వకూడదు.

అయితే ‘ఇంప్లాంట్ ఉంటే ఎంఆర్ఐ కుదరదు’ అనేది కూడా తప్పే. అది మోడల్‌ను బట్టి మారుతుంది. 2014లో మెడ్-ఎల్ సంస్థ, తర్వాత 2019 నాటికి మిగిలిన ఇద్దరు ప్రధాన తయారీదారులు అడ్వాన్స్‌డ్ బయోనిక్స్, కాక్లియర్ కూడా, క్షేత్రానికి అనుగుణంగా గూటిలోనే సర్దుకునే అయస్కాంతాలున్న మోడళ్లు తెచ్చారు. వాటితో 3 టెస్లా అయస్కాంత బలమున్న యంత్రంలో కూడా అయస్కాంతం తీయకుండా స్కాన్ చేయడానికి అనుమతి ఉంది. అంతకు ముందు తరం మోడళ్లలో కొన్నిటికి 1.5 టెస్లా యంత్రంలో, తలకు గట్టిగా కట్టు కట్టి చేయవచ్చు. కొన్నిటికి చిన్న శస్త్రచికిత్సతో అయస్కాంతం తీసి, స్కాన్ తర్వాత మళ్లీ పెట్టాలి. 2017లో ఆపరేషన్ జరిగిందన్న ఒక్క మాటతో మీ పాపది ఏ తరమో నేను చెప్పలేను. ఆ కార్డు ఎందుకు అడిగానో ఇక్కడ తెలుస్తుంది.

నేను దగ్గరుండి చూసిన ఒక సందర్భం చెబుతాను. పదకొండేళ్ల బాబుకు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. న్యూరాలజిస్టు మెదడు ఎంఆర్ఐ రాశారు. మొదట వెళ్లిన స్కానింగ్ కేంద్రంలో ‘చెవి మిషన్ తీసేసి రండి’ అన్నారు. అక్కడివారు బయటి ప్రాసెసర్‌నే చూశారు, లోపల అయస్కాంతం ఉందని వారికి తెలియదు. తండ్రి గారు అనుమానం వచ్చి నాకు ఫోన్ చేయడం వల్ల బాబు ఆ గదిలోకి వెళ్లకుండా ఆగాడు. కార్డు పోయింది. మా మ్యాపింగ్ ఫైలు నుంచి మోడల్ తెలుసుకొని, తయారీదారు ఎంఆర్ఐ సూచనలు తెప్పించాం. 1.5 టెస్లా, కట్టుతో చేయవచ్చు, 3 టెస్లాకు అయస్కాంతం తీయాలి అని ఉంది. అప్పుడు న్యూరాలజిస్టును ఒక ప్రశ్న అడిగాం: ఇంప్లాంట్ కుడివైపు ఉంది, ఆ వైపు మెదడు బొమ్మలో పెద్ద నల్లటి నీడ పడుతుంది, మీరు చూడాలనుకున్నది ఎటు? మెదడులోని విద్యుత్తును నమోదు చేసే ఈఈజీలో తేడా ఎడమవైపు కనిపిస్తోంది కాబట్టి అయస్కాంతం తీయకుండానే పని జరుగుతుందని వారు తేల్చారు. కుడివైపే అయి ఉంటే, పరికరానికి అనుమతి ఉన్నా, నీడ తగ్గించడానికి అయస్కాంతం తీయవలసి వచ్చేది. ఇంప్లాంట్ స్కాన్‌లు చేసిన అనుభవం ఉన్న 1.5 టెస్లా కేంద్రంలో, సూచనల ప్రకారం కట్టు కట్టి, నొప్పి అనిపిస్తే నొక్కడానికి చేతిలో బెల్ ఇచ్చి చేశారు. లోపల తనకు ఏమీ వినపడదు కాబట్టి సైగలన్నీ ముందే నేర్పాం. మర్నాడు కాయిల్ అదే చోట, అదే పట్టుతో నిలుస్తోందా అని చూసి, ఎలక్ట్రోడ్ల దగ్గర విద్యుత్తుకు ఎంత అడ్డు ఉందో చెప్పే ఇంపెడెన్స్ కొలిచి, పాత కొలతలతో పోల్చాం. ఏమీ మారలేదు.

స్కాన్ కంటే తక్కువ మందికి తెలిసిన ప్రమాదం ఆపరేషన్ థియేటర్‌లో విద్యుత్తుతో కోయడానికి, రక్తం ఆపడానికి వాడే కాటరీ. మోనోపోలార్ కాటరీ తల, మెడ భాగంలో వాడితే ఆ విద్యుత్తు ఎలక్ట్రోడ్ గుండా పారి కాక్లియాను, పరికరాన్ని పాడుచేయగలదు. రేపు మీ పాపకు టాన్సిల్స్ ఆపరేషన్ గాని, చిగుళ్ల చికిత్స గాని జరిగితే సర్జనుకు, మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. బైపోలార్ కాటరీతో తగిన దూరం పాటిస్తూ చేస్తారు. ఫిజియోథెరపీలో వేడినిచ్చే డయాథెర్మీ కూడా తల, మెడ భాగాలకు వద్దు.

చివరి ప్రశ్న, కొత్త ప్రాసెసర్. దీనికి ఆపరేషన్ అవసరం లేదు. లోపలిది అలాగే ఉంటుంది, బయటిది మాత్రమే మారుతుంది. అదే తయారీదారు ప్రాసెసర్ అయి ఉండాలి, మీ లోపలి మోడల్‌తో పనిచేసేదై ఉండాలి. ఈ రెండో సంగతి సీరియల్ నంబరు రాసి, లిఖితపూర్వకంగా జవాబు తీసుకోండి. పాత ప్రాసెసర్‌కు విడిభాగాలు ఆపేస్తున్నామని తయారీదారు ప్రకటించడం, ఏడాదిలో మళ్లీ మళ్లీ రిపేరుకు వెళ్లడం, తరగతి గదిలో టీచరు మైకుకు కలపలేకపోవడం, ఇవి మారడానికి నిజమైన కారణాలు. కొత్త రంగు, ఫోన్ నుంచి పాటలు నేరుగా వినిపించడం కోసమే లక్షలు అప్పు చేయవద్దని మీ ఇంటివాడిలా చెబుతున్నాను. ముందు కేబుల్, మైక్ కవర్లు మార్పించి చూడండి. పాత ప్రాసెసర్ మళ్లీ బాగా పనిచేస్తే డబ్బు కూడబెట్టుకోవడానికి సమయం దొరుకుతుంది.

కొనేటప్పుడు ప్రాసెసర్ ధరతో పాటు కేబుల్, కాయిల్, బ్యాటరీ, మైక్ కవర్ల ధరలు, వారంటీ ఏళ్లు, పోగొట్టుకుంటే, నీటిలో పడితే వర్తించే బీమా, పాతది ఇచ్చేస్తే తగ్గింపు ఎంత అన్నవి కాగితం మీద రాయించుకోండి. చెవి మీద కాకుండా తలకే అతుక్కునే ఒకే ముక్క ప్రాసెసర్లు కూడా ఉన్నాయి. వాటికి తెగిపోయే కేబుల్ ఉండదు. కాని బరువంతా అయస్కాంతమే మోయాలి కనుక బలమైనది కావాలి, చర్మం ఎర్రబడే పిల్లలకు అది సరిపడదు.

పాత మ్యాప్‌ను కొత్త ప్రాసెసర్‌లోకి తెచ్చినా మైకులు, శబ్దాన్ని సర్దే తీరు వేరు కనుక మొదటి రోజుల్లో పాప ‘గొంతులు వేరేలా ఉన్నాయి’ అంటుంది. రెండు మూడు వారాలు పూర్తిగా కొత్తదే పెట్టించి, ఆరు శబ్దాలు, ఇంట్లోవాళ్ల పేర్లు, చదవని పాఠంలోని పదాలు విని తిరిగి చెప్పించండి. అప్పటికీ పాతదానిలో కంటే తక్కువ పట్టుకుంటుంటే మ్యాప్ సర్దించాలి. కొత్తది సరిగా ఉన్నా, మ్యాప్ ఎన్నిసార్లు మార్చినా వినికిడి పడిపోతుండటం, ముఖం అదరడం, టపటప శబ్దాలు, ప్రాసెసర్ పెట్టనని పాప మొరాయించడం కనిపిస్తే అనుమానం లోపలి పరికరం మీదకు వెళ్లాలి. అప్పుడు తయారీదారు ఇంజినీరుతో పరీక్ష చేయించమని అడగండి.

పాత ప్రాసెసర్ తగ్గింపు కోసం ఇవ్వవలసిన అవసరం లేకపోతే ఇంట్లోనే ఉంచుకోండి. ప్రతి మ్యాపింగ్ రోజున దానిలో కూడా తాజా మ్యాప్ వేయించండి, నెలకొకసారి బ్యాటరీ పెట్టి పాపకు తగిలించి ఆరు శబ్దాలు అడగండి, మిగతా రోజుల్లో డ్రై బాక్స్‌లో ఉంచండి. కొత్తది రిపేరుకు వెళ్లిన వారం రోజులూ పాప బడిలో వినగలిగేది దానితోనే.